ఒక్క చక్కెర ఊడకపోతే

1881లో లండన్‌లో వారెన్ టే అనే కంటి వైద్యుడు మెడ నిలపలేని ఏడాది బిడ్డ కళ్లను పరీక్షించాడు. రెటీనా నడిమధ్య ఎర్రటి చుక్క, దాని చుట్టూ తెల్లటి వలయం కనిపించాయి. చూడగానే చుక్కే జబ్బు అనిపిస్తుంది. నిజానికి జబ్బు ఆ తెలుపులో ఉంది. రెటీనా నడిమధ్య గాంగ్లియన్ కణాలు ఉండవు కాబట్టి వెనకున్న రక్తనాళాల ఎరుపు ఎప్పటిలాగే కనిపిస్తుంది. చుట్టూ ఉన్న గాంగ్లియన్ కణాలు మాత్రం కొవ్వు నిండి ఉబ్బి పాలిపోతాయి. ఆ బిడ్డ మెదడు కణాల్లోనూ జరిగేది అదే. 1887లో న్యూయార్క్ నరాల వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ ఇలాంటి బిడ్డ మెదడులో వచ్చిన మార్పులను వర్ణించాడు. ఇద్దరి పేర్లూ కలిసి ఆ జబ్బు టే-సాక్స్ అయింది.

ఆ కొవ్వు పేరు జీఎం2 గాంగ్లియోసైడ్. గాంగ్లియోసైడ్లు నరకణాల పైపొరలో దండిగా ఉంటాయి. సెరమైడ్ అనే కొవ్వు భాగం పొరలో దిగబడి ఉంటుంది, దానికి తగిలించిన చక్కెరల గొలుసు బయటికి చాచి ఉంటుంది. పాతబడిన గాంగ్లియోసైడ్లు కణంలోని లైసోజోమ్ అనే సంచికి చేరతాయి. లోపల ఆమ్లం ఉండే ఈ సంచిలోనే వాటిని విడగొట్టే ఎంజైములు పనిచేస్తాయి. పూసల దండను చివర నుంచే విప్పినట్టు, ఇక్కడ చక్కెరలు కొస నుంచి ఒక్కొక్కటిగా ఊడాలి. ఒక్కో చక్కెరకు ఒక్కో ఎంజైము. జీఎం2 కొసన ఉండేది ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్. దాన్ని తీయాల్సింది హెక్సోసమినిడేస్-ఎ. అది ఊడితేనే తర్వాతి ఎంజైములకు దారి దొరుకుతుంది, చివరికి సెరమైడ్ కూడా విడిపోయి కణానికి మళ్లీ పనికొస్తుంది. ఊడకపోతే పని అక్కడే ఆగిపోతుంది.

హెక్సోసమినిడేస్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఎ-రకంలో ఒక ఆల్ఫా, ఒక బీటా భాగం ఉంటాయి. బి-రకంలో రెండూ బీటాలే. టే-సాక్స్ బిడ్డకు ఆల్ఫాను తయారుచేసే జన్యువు దెబ్బతింటుంది. బి-రకం మాత్రం కావలసినంత ఉంటుంది. అయినా అది ఆదుకోలేదు. జీఎం2లో రుణావేశం ఉన్న సియాలిక్ ఆమ్లం ఉంది, దాన్ని ఇముడ్చుకునే చోటు ఆల్ఫా భాగంలోనే ఉంటుంది. పైగా పొరలో ఇరుక్కున్న జీఎం2ను పైకెత్తి అందించే సహాయక ప్రోటీన్ ఒకటుంది. అది అందించినదాన్ని కోయగలిగేది ఎ-రకమే. బీటా భాగమే లోపిస్తే రెండు రకాలూ పోతాయి. దాన్ని శాండాఫ్ జబ్బు అంటారు.

గాంగ్లియోసైడ్లు అన్నిటికంటే ఎక్కువగా తయారయ్యేది మెదడులోనే. నరకణాలు విభజన చెందవు కాబట్టి పేరుకున్నది పంచుకునే కొత్త కణాలు రావు. నీటిలో కరగని జీఎం2 లైసోజోముల్లో పొరలు పొరలుగా చుట్టుకుంటుంది. కణం ఉబ్బుతుంది, దాని కొమ్మలు వికారంగా మారతాయి, చివరికి చనిపోతుంది. ఈ పేరుకోవడం గర్భంలోనే మొదలైనా, పుట్టిన కొన్ని నెలల వరకు బిడ్డ మామూలుగానే ఉంటుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం మొదలవుతుంది. ఆ తర్వాత బోర్లాపడటం, కూర్చోవడం వంటి నేర్చుకున్న పనులు ఒక్కొక్కటే పోతాయి. చూపు పోతుంది, ఫిట్స్ వస్తాయి. ఎక్కువమంది బిడ్డలు ఐదేళ్లలోపే చనిపోతారు.

జబ్బును గుర్తించే పరీక్ష తెల్ల రక్తకణాలపై చేస్తారు. ఎంజైము కోసినప్పుడు వెలుగునిచ్చే కృత్రిమ పదార్థాన్ని వాడతారు. ఎ-రకం వేడికి చెడిపోతుంది, బి-రకం తట్టుకుంటుంది. ఉదాహరణకు, వేడి చేయకముందు చర్య 100 పాళ్లు, చేశాక 40 ఉంటే, పోయిన 60 పాళ్లు ఎ-రకానివి. టే-సాక్స్ బిడ్డలో వేడి చేశాక కూడా చర్య దాదాపు తగ్గదు, ఎందుకంటే ఉన్నదంతా బి-రకమే. శాండాఫ్‌లో మొత్తం చర్యే చాలా తక్కువ. గర్భిణుల రక్తరసంలో హెక్సోసమినిడేస్ మారుతుంది కాబట్టి వాళ్లకు రసం కాకుండా తెల్ల కణాలనే పరీక్షించాలి.

తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తేనే జబ్బు. ఒక్కటి మాత్రమే ఉన్నవాళ్లలో ఎంజైము సగమే ఉన్నా ఆరోగ్యానికి లోటుండదు. మేనరికాల్లో, మేనమామ-మేనకోడళ్ల పెళ్లిళ్లలో ఇద్దరికీ ఒకే పూర్వికుడి నుంచి అదే లోపం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అష్కనాజీ యూదుల్లో 1970ల నుంచి వాహకుల పరీక్షలు చేసినందువల్ల అమెరికా, కెనడాల్లో ఆ సముదాయంలో ఈ జబ్బుతో పుట్టే బిడ్డలు 90 శాతానికి పైగా తగ్గారు.

జబ్బును నయం చేసే మందు లేదు. రక్తంలోకి ఎక్కించిన ఎంజైము రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డును దాటదు. అందుకే ఇంట్లో ఒక బిడ్డ ఇలా పోయి ఉంటే, దగ్గరి చుట్టరికంలో పెళ్లి నిశ్చయించేముందే జన్యు వైద్యులను కలవాలి. కుటుంబంలోని లోపం ఏదో తెలిస్తే తర్వాతి కాన్పులో 11వ వారం ప్రాంతంలో మాయ ముక్క తీసి, బిడ్డకు ఆ లోపం ఉందో లేదో చెప్పగలరు.