నరాల వాకిట మెగ్నీషియం

బెంగళూరు మడివాళ సంతలో పగలంతా మూటలు మోసినవారికి రాత్రి పిక్కలు పట్టేయడం కద్దు. "ఒంట్లో మెగ్నీషియం తగ్గింది, మాత్ర వేసుకో" అని ఇరుగుపొరుగువారు సలహా ఇస్తారు. ఇందులో నిజమెంత?

మెదడులోనూ వెన్నుపాములోనూ నరకణాలపై గ్లూటమేట్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. వాటిలో ఒకటి ఎన్.ఎం.డి.ఎ. గ్రాహకం. దాని మధ్య సన్నని రంధ్రం ఉంటుంది. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలివైపు బయటికన్నా సుమారు 70 మిల్లీవోల్టులు ఋణంగా ఉంటుంది. ఆ ఋణావేశం, ధనావేశం గల మెగ్నీషియం అయానును లోపలికి లాగుతుంది. అది రంధ్రంలో బిరడాలా ఇరుక్కుంటుంది. అప్పుడు గ్లూటమేట్ వచ్చి తలుపు తీసినా కాల్షియం లోపలికి పోలేదు. వేరే గ్రాహకాల ద్వారా గట్టి ప్రేరణ అంది, ఋణావేశం తగ్గితేనే బిరడా ఊడుతుంది. ఈ సంగతి 1984లో బయటపడింది.

కండరానికి వెళ్లే నరం తీరు వేరు. దాని కొనలోకి కాల్షియం ప్రవేశిస్తేనే ఎసిటైల్‌కోలిన్ విడుదలై కండరం ముడుచుకుంటుంది. మెగ్నీషియం ఆ కాల్షియానికి అడ్డు నిలుస్తుంది. రక్తంలో మెగ్నీషియం బాగా తగ్గితే చిన్న ప్రేరణకే నరం ఉలిక్కిపడుతుంది. చెవి ముందు వేలితో తట్టినా ముఖ కండరాలు అదరవచ్చు. అయితే మామూలు పిక్కపోటుకు సాధారణంగా ఈ లోపం కారణం కాదు. వృద్ధులపై జరిపిన పరీక్షలలో మాత్రల వల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. అంతకన్నా కాలు చాచి, పాదాన్ని మోకాలివైపు లాగి పట్టుకుంటే పిక్క సడలుతుంది.