మసక వెలుతురులో ఏ ఫోన్ మేలు?

పదిహేను వేల కొత్త ఫోన్ల పెట్టె మీద 50 మెగాపిక్సెళ్లని ఘనంగా రాస్తారు. పక్కనున్న 2 మెగాపిక్సెల్ కెమెరా మాత్రం దాదాపు అలంకారమే. మీరు తీసేవి ఎక్కువగా సాయంత్రం పెళ్లిళ్లూ పేరంటాలూ అయితే, నా ఓటు 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23 లాంటి రీఫర్బిష్డ్ ఫోన్‌కే. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా అందులో లెన్సే కదిలి సర్దుకుంటుంది. పరుగెత్తే పిల్లాణ్ని మాత్రం అది ఆపలేదు.

కొనేముందు పగటి వెలుతురులో దూరంగా ఉన్న బోర్డును 3ఎక్స్ జూమ్‌లో చూడండి. జూమ్ లెన్స్‌ను వేలితో మూయండి. తెర చీకటి కాకపోతే ఆ లెన్స్ పనిచేయడం లేదని అనుమానించాలి. ప్రధాన కెమెరా బొమ్మనే ఫోన్ పెద్దది చేసి చూపుతోంది. ఫోన్‌ను కదలకుండా పట్టుకున్నా తెరపై బొమ్మ అదురుతుంటే, లోపల గరగరమంటుంటే తీసుకోకండి. బ్యాటరీ చాలావరకు పాతదే ఉంటుంది. కొత్తది వేయించే ఖర్చు ధరలో కలుపుకోండి.