‘ఎవరు’ గడి ఖాళీగా ఉంటే

అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగులో సెక్రటరీ రాసుకునే నోట్సు ఇలా ఉంటుందనుకుందాం: “వాచ్‌మన్ జీతం 1000 పెంచాలి, 302 వద్దన్నారు. బోరు తగ్గింది, ట్యాంకర్ తప్పదు. లిఫ్ట్ ఏఎంసీ 31తో అయిపోతోంది, కొటేషన్లు తెప్పించాలి. మళ్లీ జీతం, 700కి అందరూ ఓకే, ఏప్రిల్ నుంచి. ట్యాంకర్ డబ్బు ట్రెజరర్ చూస్తామన్నారు. పార్కింగ్ గొడవ, చూద్దాం.”

మాటలు దొర్లిన వరసలోనే రాసుకున్నారు కాబట్టి జీతం సంగతి రెండు చోట్లకు చీలిపోయింది. మినిట్స్ రాసేవాళ్లు వాక్యాలు దిద్దే ముందు ఒక్కో ముక్క పక్కన అది నిర్ణయమా, పనా, ఉత్త చర్చా అని గుర్తు పెట్టుకోవాలి. జీతం విషయంలో 1000 ప్రతిపాదన, 700 నిర్ణయం. 302 వారు చివరికి ఒప్పుకున్నారు కనుక మొదటి అభ్యంతరం రాయక్కర్లేదు. చివరిదాకా ఒప్పుకోకుండా, తమ మాట నమోదు చేయమని అడిగి ఉంటే తప్పక రాయాలి. పార్కింగ్ మీద ఏమీ తేలలేదు. ‘వాయిదా వేశారు’ అని రాస్తే అదీ కల్పనే అవుతుంది, ఎందుకంటే అలా ఎవరూ అనలేదు.

అప్పుడు అన్నిటినీ ప్రతిసారీ ఒకేలా ఉండే నమూనాలో సర్దాలి:

తేదీ: మార్చి 8
హాజరు: 101 (అధ్యక్షులు), 204 (కార్యదర్శి), 302, 405 (కోశాధికారి)
రానివారు: 503 (ముందే చెప్పారు)
నిర్ణయం: వాచ్‌మన్ జీతం ఏప్రిల్ నుంచి 700 రూపాయలు పెంపు
చర్చ మాత్రమే: పార్కింగ్

| పని | ఎవరు | ఎప్పటికి |
|---|---|---|
| లిఫ్ట్ కొటేషన్లు | ? | ? |
| ట్యాంకర్ డబ్బు (ఏం చేయాలి?) | 405 | ? |

ఈ ప్రశ్నార్థకాల కోసమే నమూనా మారకూడదంటాను. నోట్సులో అందరికీ అర్థమైనట్టే కనిపించిన పని, గడుల్లోకి వచ్చేసరికి ఎవరిదీ కాదని తేలిపోతుంది. ఆ గడిలో ‘కమిటీ’ అని రాసినా ఖాళీగా వదిలినట్టే. సాయానికి ఇద్దరు ముగ్గురున్నా, జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కరే ఉండాలి. సెక్రటరీ తనకు తోచిన పేరు వేసేయకూడదు. అందరికీ మీటింగు ఇంకా గుర్తుండగానే, ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడగాలి. 405 వారు ట్యాంకర్ డబ్బు నిధిలోంచి ఇస్తామన్నారా, ఫ్లాట్‌కి ఇంత అని వసూలు చేస్తామన్నారా? ఆ రెండూ వేర్వేరు పనులు.

తేదీ వేయడంలోనూ ఆలోచన కావాలి. ఏఎంసీ 31తో ముగుస్తుందని కొటేషన్లకు 31 గడువు పెడితే, వాటిని పోల్చి ఒకటి ఎంచుకునే వ్యవధి ఉండదు. 20 అని వేయాలి, అదీ ఆ పని తీసుకున్నవారు సరేనన్నాకే.

ముసాయిదా అందరికీ పంపి, సవరణలు తీసుకుని, వచ్చే మీటింగులో చదివి ఆమోదించాక అధ్యక్షులు సంతకం చేస్తారు. ఆ మీటింగు ఈ పట్టికతోనే మొదలవ్వాలి. పూర్తికాని పనికి పాత తేదీ కొట్టేయకుండా, దాని పక్కనే కొత్త తేదీ రాయాలి. ఎన్నిసార్లు జరిగిందో అప్పుడే అందరికీ కనిపిస్తుంది.