మూడు నెలలకో మెయిలు

ఆసుపత్రికి సీటీ స్కాన్ మెషీన్ అమ్మడమంటే ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల పని. డాక్టరుగారు సరేనన్నా ట్రస్టీలు ఒప్పుకోవాలి, బ్యాంకు అప్పివ్వాలి, గది సిద్ధం కావాలి. ఆ మధ్యకాలంలో సేల్స్ మనిషి మూడు నెలలకోసారి పంపే మెయిలు చాలాసార్లు ఒకటే: ‘సార్, ఏమైనా డిసైడ్ అయ్యారా?’ నిర్ణయం కాని మనిషి దానికేం రాస్తాడు? రెండోసారి అదే వస్తే తెరవడు కూడా.

విజయవాడలో వంద పడకల ఆసుపత్రి ఒకటుందనుకుందాం. జనవరిలో తొలి మాట జరిగింది. పాత మెషీన్ సర్వీసు కాంట్రాక్టు సెప్టెంబరు నెలాఖరుతో ముగుస్తుందని అప్పుడే తెలిసింది. తెలివైన సేల్స్ మనిషి డైరీలో రాసుకునేది ఆ తేదీనే. తన కంపెనీ టార్గెట్ మార్చికి ముగిస్తే ఆసుపత్రికేం పట్టింది?

ఏప్రిల్ మెయిల్లో గది సంగతి. సీటీ పెట్టే గది లేఅవుట్‌కు ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, అనుమతి కావాలి. దరఖాస్తు ఈ-లోరా పోర్టల్లో. గోడ మందం, తలుపుకు సీసపు రేకు లాంటివి ఇంజినీరు ముందే చూసుకునేలా ఒక పేజీ జతచేస్తే చాలు. ధర ఊసెత్తడు.

జూలైలో అసలైన ఉత్తరం:

‘నమస్తే సార్. మీ సర్వీసు కాంట్రాక్టు సెప్టెంబరుతో అయిపోతుందన్నారు. రెన్యువల్ చేసేముందు అందులో ఎక్స్‌రే ట్యూబు కూడా కలిసుందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే, ట్యూబు పోయినప్పుడు ఖర్చంతా మీదే. మా మెషీన్ కొన్నా కొనకపోయినా ఇది పనికొస్తుంది. జవాబు రాయనక్కర్లేదు.’

నిజానికి జవాబొచ్చేది ఇలాంటి మెయిలుకే. ట్యూబు లక్షల్లో మాట; డాక్టరుగారు దాన్ని బయోమెడికల్ ఇంజినీరుకు పంపిస్తారు, ఆయన ఫోన్ చేస్తాడు.

అక్టోబరులో అడిగేది ఉంటుంది, కానీ చిన్నది: ‘కాంట్రాక్టు ఎన్నాళ్లకు పొడిగించారు?’ ఏడాదికైతే వచ్చే వేసవికి మాటలు మొదలుపెట్టొచ్చు. మూడేళ్లకైతే మెయిళ్లు ఆరు నెలలకొకటి చాలు. జనవరిలో, అదే మెషీన్ నడుస్తున్న దగ్గర్లోని ఆసుపత్రి ఒప్పుకుంటే, చూడడానికి పిలుపు.

మెయిలు తెరిచారని సాఫ్ట్‌వేర్ చూపించే లెక్కను నమ్మి మురిసిపోకూడదు. 2021 నుంచి ఆపిల్ మెయిల్లోని ప్రైవసీ ఏర్పాటు, మనిషి చదవకపోయినా బొమ్మలను ముందే దించేస్తోంది. దాంతో తెరిచినట్టే లెక్కపడుతుంది. ఎవరికైనా ఫార్వర్డ్ అయిందా, కొత్త ప్రశ్న వచ్చిందా అన్నదే చూసుకోవాలి. రెండు మెయిళ్లకు ఉలుకూ పలుకూ లేకపోతే మూడోది రాసేముందు ఆసుపత్రి రిసెప్షన్‌కు ఫోన్ చేయడం మేలు. ఆ ఇంజినీరు ఎప్పుడో వేరే ఆసుపత్రిలో చేరిపోయి ఉండొచ్చు.