ఒకే చెక్కులో రెండు రకాల డబ్బు

తెనాలిలో ఇద్దరు మిత్రులు కలిసి నడుపుతున్న హార్డ్‌వేర్ దుకాణం ఒకటుందనుకుందాం. సుబ్బారావుకు లాభంలో మూడు వాటాలు, నాగేశ్వరరావుకు రెండు. పుస్తకాల్లో మొదటివారి మూలధనం 4,00,000 రూపాయలు, రెండోవారిది 3,00,000. ఇప్పుడు రమణ అనే కుర్రవాడు అయిదో వంతు వాటాకు భాగస్తుడిగా చేరుతూ 2,30,000 రూపాయల చెక్కు ఇచ్చాడు. గుమాస్తాలు తరచుగా పొరపడేది ఇక్కడే. చెక్కు ఒక్కటే కాబట్టి మొత్తాన్నీ రమణ మూలధనం కింద రాసేస్తారు.

ఆ చెక్కులో రెండు రకాల డబ్బుంది. 2,00,000 అతని మూలధనం, అది ఎప్పటికీ అతనిదే. మిగిలిన 30,000 అతనిది కాదు. దుకాణానికి ఇన్నేళ్లుగా వచ్చిన పేరు, వెతుక్కుంటూ వచ్చే ఖాతాదారులు, వీటివల్ల రేపు రాబోయే లాభంలో రమణకు అయిదో వంతు దక్కుతుంది. ఆ మేరకు పాతవాళ్ల వాటా తగ్గుతుంది. దానికి ఇచ్చే పరిహారమే గుడ్‌విల్ సొమ్ము. గడిచిన మూడేళ్ల సగటు లాభం 75,000. రెండేళ్ల లాభాన్ని గుడ్‌విల్‌గా కడదామని ముగ్గురూ ఒప్పుకున్నారు. అంటే 1,50,000. అందులో అయిదో వంతు 30,000.

అందుకే చిట్టాలో బ్యాంకు ఖాతాను 2,30,000కు డెబిట్ చేసి, రమణ మూలధన ఖాతాకు 2,00,000, గుడ్‌విల్ ప్రీమియం ఖాతాకు 30,000 క్రెడిట్ ఇవ్వాలి. తర్వాతి పద్దులో ప్రీమియం ఖాతాను డెబిట్ చేసి ఆ 30,000 పాత భాగస్తుల మూలధనాలకు పంచాలి. ఎవరికెంత అన్నది వాళ్లు ఎంత వాటా వదులుకున్నారో దాన్నిబట్టి ఉంటుంది. దీన్నే త్యాగ నిష్పత్తి అంటారు. రమణ వాటాను ఇద్దరూ పాత లెక్కలోనే వదులుకుంటే త్యాగమూ 3:2లోనే ఉంటుంది కాబట్టి సుబ్బారావుకు 18,000, నాగేశ్వరరావుకు 12,000 వెళ్తాయి. ముగ్గురి కొత్త నిష్పత్తి 12:8:5 అవుతుంది.

రమణ అడుగుపెట్టేలోపే పాత లెక్క తేల్చాలి. భారత భాగస్వామ్య చట్టం 1932, 31వ సెక్షన్ ప్రకారం, కొత్తగా చేరినవాడు తాను చేరకముందు సంస్థ చేసిన పనులకు బాధ్యుడు కాడు. పాత లాభనష్టాలు పాతవాళ్లకే చెందాలన్న లెక్కల పద్ధతి కూడా ఇదే న్యాయం మీద నడుస్తుంది. మన దుకాణంలో గోదాము విలువ 60,000 పెరిగింది, రాని బాకీల కోసం 10,000 పక్కన పెట్టారు. పునర్మూల్యాంకన ఖాతాలో మిగిలిన 50,000 లాభం పాత నిష్పత్తిలో సుబ్బారావుకు 30,000, నాగేశ్వరరావుకు 20,000 జమవుతుంది. పుస్తకాల్లో సాధారణ నిధి ఉంటే అదీ ఇలాగే పంచాలి.

ఇక మూలధనాల సర్దుబాటు. అందరి మూలధనాలూ లాభాల నిష్పత్తిలోనే ఉండాలని ఒప్పందం. అయిదో వంతుకు రమణ 2,00,000 పెట్టాడు కాబట్టి మొత్తం 10,00,000 ఉండాలి. ఆ లెక్కన సుబ్బారావుకు 4,80,000 ఉండాలి, ఉన్నది 4,48,000. ఆయన 32,000 తేవాలి. నాగేశ్వరరావుకు 3,20,000 చాలు, ఉన్నది 3,32,000. ఆయన 12,000 తీసుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడకపోతే ఈ తేడాలను కరెంటు ఖాతాలకు మార్చుకోవచ్చు. రమణ మూలధనం కింద మొత్తం 2,30,000 రాసి ఉంటే, ఉండాల్సిన మూలధనం 11,50,000గా తేలేది. పాతవాళ్ల మీద లేని భారం పడేది.

లెక్క సరిచూసుకోవడానికి దారి ఉంది. మూలధనాలు 7,00,000 నుంచి 10,00,000కు పెరిగాయి. ఆ 3,00,000లో బ్యాంకుకు నికరంగా చేరింది 2,50,000, పునర్మూల్యాంకన లాభం 50,000. రెండూ కలిపితే సరిపోయింది.

అయితే ఈ పరీక్షకు దొరకని తప్పు ఒకటుంది, దాన్ని గురించే నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. రమణకిచ్చిన అయిదో వంతును నాగేశ్వరరావు ఒక్కడే వదులుకున్నాడనుకోండి. కొత్త నిష్పత్తి 3:1:1 అవుతుంది, 30,000 మొత్తం ఆయనకే చెందాలి. గుమాస్తా అలవాటుకొద్దీ 3:2లో పంచితే సుబ్బారావు ఖాతాలో 18,000 ఊరికే చేరతాయి. తర్వాత సర్దుబాటులో ఆయన 18,000 తక్కువ తెస్తాడు, నాగేశ్వరరావుకు అంతే తక్కువ తిరిగి వస్తుంది. చివరి మూలధనాలు మాత్రం ఒప్పందంలో ఉన్నట్టే కనిపిస్తాయి, ఆస్తి అప్పుల పట్టీ చక్కగా సరిపోతుంది. వాటా వదులుకున్న మనిషికి జరిగిన నష్టం ఆ పట్టీలో ఎక్కడా కనబడదు. అందుకే ప్రీమియం పద్దు రాసేముందే ప్రతి భాగస్తుడి పాత వాటాలోంచి కొత్త వాటాను తీసివేసి, మిగిలిన తేడాను కాగితం మీద పెట్టి, ఇద్దరి చేతా సంతకం చేయించాలి.