రెండు బ్యాగులు చాలు

చీరకో బ్యాగు, కుర్తాకో బ్యాగు, జీన్స్‌కో బ్యాగు కొంటూ పోతే బీరువాలో బట్టలకే చోటు మిగలదు. ఢిల్లీలో ఆ ముప్పు మరీ ఎక్కువ. సరోజినీ నగర్‌లోనో, జన్‌పథ్‌లోనో అడుగుపెట్టిన వారు వట్టి చేతులతో తిరిగి రావడం అరుదు. ఇన్ని కొన్నా, పెళ్లికో ఆఫీసుకో బయల్దేరేటప్పుడు "దీనికి నప్పే బ్యాగే లేదు" అన్న మాట తప్పదు. చీర ఒంటి రంగు చూసి బ్యాగు కొనడమే అందుకు కారణం. ఆకుపచ్చ చీరకు తెచ్చిన ఆకుపచ్చ బ్యాగు మరో చీరకు పనికిరాదు.

మయూర్ విహార్‌లో ఉంటూ నోయిడా సెక్టార్ 62లోని ఆఫీసుకు రోజూ బ్లూ లైన్ మెట్రోలో వెళ్లే ఒక గుంటూరు ఉద్యోగిని ఈ చిక్కును తేలిగ్గా విప్పారు. నెల రోజుల్లో కట్టుకున్నవన్నీ మంచం మీద పరిచారు. చీరలు ఐదు: మంగళగిరివి రెండు, గద్వాల్, వెంకటగిరి, పోచంపల్లి ఒక్కొక్కటి. వాటితోపాటు ఎనిమిది కుర్తాలు, రెండు జీన్స్, ఒక నల్ల ప్యాంటు. ఒంటి రంగులు ఒకదానికొకటి పొంతన లేవు. కానీ పోచంపల్లి మినహా నాలుగు చీరల అంచుల్లోనూ బంగారు జరీ ఉంది. చేతి గాజులు బంగారువి, రోజూ వేసుకునే చెప్పులు గోధుమరంగువి. "చూడాల్సింది చీరను కాదు, అంచునూ చెప్పులనూ అని అప్పుడు అర్థమైంది" అంటారామె. ఆమె దగ్గరున్న ఏడు బ్యాగుల్లో ఐదు పనిమనిషికీ, చుట్టాలకూ వెళ్లిపోయాయి.

మిగిలిన రెండింటిలో మొదటిది తేనె రంగు తోలు బ్యాగు. వెడల్పు 12 అంగుళాలు, ఎత్తు 10. అడుగు నాలుగంగుళాల మందం కనుక టిఫిన్ డబ్బా నిలబడుతుంది. నలుపు అన్నిటికీ నప్పుతుందని ఢిల్లీ దుకాణదారులు నొక్కి చెబుతారు. ప్యాంటు షర్టుకైతే నిజమే. పసుపు, చిలకాకుపచ్చ నేత చీరల పక్కన మాత్రం నలుపు బరువుగా కనిపిస్తుంది. తేనె రంగు జీన్స్ నీలానికీ, చీర జరీకీ రెండింటికీ కుదురుతుంది. బకిల్స్, జిప్పులు తళతళలాడే వెండి రంగులో కాకుండా పాత ఇత్తడి రంగులో ఉంటే గాజులతోనూ పేచీ ఉండదు.

రంగు కుదిరినా పట్టీ దగ్గర చాలామంది దెబ్బతింటారు. పైట ఎడమ భుజాన పిన్ను పెట్టుకుంటారు కాబట్టి అదే భుజానికి బ్యాగు తగిలిస్తే కుచ్చిళ్లు నలిగి, పిన్ను దగ్గర బట్ట చిరుగుతుంది. చీర మీద బ్యాగు కుడి భుజానికో, మోచేతికో వేలాడాలి. జీన్స్ మీదైతే అదే బ్యాగును అడ్డంగా వేసుకోవడం హాయి. అందుకే పొట్టి పిడులతోపాటు ఊడదీయడానికి వీలున్న పొడవాటి పట్టీ కూడా ఉన్నదే కొనాలి. ఇక్కడి చలి సంగతీ మరవకూడదు. మేలో భుజానికి సులువుగా ఎక్కిన పిడి, జనవరిలో కోటు మీదికి ఎక్కదు. కొనేముందు మందపాటి స్వెటర్‌తో వేసి చూడటం మేలు. అద్దాలు కుట్టిన గుజరాతీ బ్యాగులు చూడముచ్చటగా ఉంటాయి కానీ శాలువా పోగులను, షిఫాన్ దుపట్టాను లాగేస్తాయి.

రెండోది చేతిలో ఇమిడే క్లచ్. కాంతి తగ్గిన పాత బంగారు రంగు, లోపల దాచుకునే సన్న గొలుసు. పెళ్లిళ్లకు, పండగలకు పట్టుచీర మీదికి అదే. సాయంత్రం విందుకు నల్ల ప్యాంటుతోనూ బాగుంటుంది. కొనేటప్పుడు సొంత ఫోను పెట్టి మూసి చూడాలి. ఇప్పటి ఫోన్లు చాలా క్లచ్‌లలో పట్టవు.

నాణ్యత చూడటానికి ఒక కిటుకు ఉంది. బ్యాగు లోపలి కుట్టు దగ్గర తోలు వెనుకవైపు చూడండి. పీచులాంటి గరుకు కనిపిస్తే తోలు, అల్లిన బట్ట కనిపిస్తే పైన పూత పూసిన రెగ్జిన్. ఆ పూత కొన్నాళ్లకు మడతల దగ్గర పొరలుగా లేస్తుంది. తోలుకున్న బెడద వేరు. కొత్త జీన్స్ నీలం లేత బ్యాగుకు అంటితే సులువుగా వదలదు. తడి తెల్లగుడ్డతో జీన్స్‌ను రుద్దితే నీలం దిగుతోందా లేదా తెలిసిపోతుంది. దిగుతుంటే మరో రెండు ఉతుకులు అయ్యేదాకా బ్యాగును దూరంగా ఉంచాలి. మెట్రో స్టేషన్లలో తనిఖీ యంత్రం బెల్టు మీద రోజూ పడుకోబెట్టాల్సిందే కనుక క్రీమ్, తెలుపు బ్యాగుల జోలికి వెళ్లకపోవడమే నయం.

ఈ జంట అన్నిటికీ సరిపోదు. వెండి జరీ చీరకు, ఆక్సిడైజ్డ్ నగలకు బంగారు క్లచ్ అతకదు. జోరువానలో తోలు పనికిరాదు. వాన రోజులకు ఆ ఉద్యోగిని మడతపెట్టే నల్ల నైలాన్ సంచి ఒకటి ఆఫీసు డెస్కు సొరుగులో ఉంచుకున్నారు. వెండి జరీ చీర ఆమెకు ఒక్కటే ఉంది, ఏడాదికోసారి కడతారు. ఆ రోజుకు చెల్లెలి క్లచ్ అరువు.