పొగమంచులో ఎడ్లబండి బొమ్మ కావాలంటే

సంక్రాంతి శుభాకాంక్షల కార్డుకో, పత్రికలో కథకో బొమ్మ కావాలంటే ఇప్పుడు చాలామంది చాట్‌జీపీటీనో జెమినీనో అడుగుతున్నారు. ‘పొగమంచు, వరిచేలు, ఎడ్లబండి ఉన్న పల్లెటూరు’ అని టైప్ చేస్తే కాసేపట్లో బొమ్మ వచ్చేస్తుంది. చూడగానే ముచ్చటేస్తుంది. నిదానంగా చూస్తే అది మన పల్లె కాదని తెలుస్తుంది. పొలాలు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి. బండి తోలే మనిషి నెత్తిన వియత్నాం రైతు పెట్టుకునే కోసుటోపీ ఉంటుంది. ఎడ్లకు మూపురాలుండవు. ఒక్కోసారి ఒకే ఎద్దు, గుర్రబ్బండికి కట్టినట్టు, రెండు కర్రల మధ్య ఇరుక్కుని నడుస్తుంటుంది.

ఈ సాధనాలు బొమ్మలు గీయడం నేర్చుకున్నది కోట్లాది ఫొటోలనూ, వాటి పక్కనున్న వివరణలనూ జతచేసి చూసి. వరిపొలం అన్న మాటతో వాటికి ఎక్కువగా కనిపించినవి బాలిలోనో వియత్నాంలోనో పర్యాటకులు తీసిన మెట్ల పొలాలు. మనం చెప్పకుండా వదిలేసిన ప్రతి ఖాళీనీ అవి తమకు బాగా అలవాటైన దానితో పూడ్చేస్తాయి. పోనీ ‘భారతదేశం’ అని చేర్చామా, రాజస్థానీ తలపాగా రావచ్చు, వెనకాల ఓ గుడిగోపురం మొలవవచ్చు. కాబట్టి ప్రాంప్ట్ రాసే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఏ సీమ, ఏ నెల.

నెల దగ్గరే చాలామంది తడబడతారు. మంచు కావాలి, మోకాలెత్తు పచ్చటి పైరూ కావాలి. కృష్ణా డెల్టాను తీసుకుంటే, సార్వా వరి అంత పచ్చగా ఊగేది వానాకాలంలో. దట్టంగా మంచు పట్టేది డిసెంబరు, జనవరిలో. అప్పటికి కోతలు చాలావరకు అయిపోయి, చేలో పసుపుపచ్చటి కొయ్యకాళ్లు మిగులుతాయి. కోతకు రెండు మూడు రోజుల ముందే వరిలో చల్లిన మినుము ఆ కొయ్యకాళ్ల మధ్య మొలకలెత్తి ఉంటుంది. గోదావరి డెల్టాలో దాళ్వా వేసే చోట అదే రోజుల్లో నీళ్లు పెట్టిన మళ్లు, పలచగా నాటిన నారు కనిపిస్తాయి. రెండూ అందమే. రెంటినీ ఒకే బొమ్మలో కలిపితే మాత్రం పొలం ఎరిగినవాళ్లు నవ్వుకుంటారు. నేనిక్కడ మొదటిది తీసుకుంటున్నాను: కృష్ణా డెల్టా, డిసెంబరు చివర, ధాన్యం బస్తాలతో పోతున్న బండి.

ఇక బండి. నొగలు, కాడి, ఇరుసు అని మన మాటలు వాడితే ఈ సాధనాలకు అర్థమవుతుందన్న భరోసా లేదు. పేరుకు బదులు ఆకారం చెప్పడమే మేలు. గుర్రబ్బండికి ఒక్కో కర్ర గుర్రానికి చెరోపక్కన వస్తుంది. మన బండి నొగలు ముందుకు పోయేకొద్దీ దగ్గరై, రెండెడ్ల మధ్యనుంచి వెళ్లి కాడిని చేరతాయి. కాడి ఎడ్ల మెడల మీద, మూపురానికి ముందు ఆనుతుంది. ఈ రెండు వాక్యాల్లోని సంగతి ప్రాంప్ట్‌లో ఉంటే సగం తప్పులు పోతాయి. ఎడ్లను ‘ఒంగోలు జాతి’ అని వదిలేయకుండా తెల్లటి ఒళ్లు, ఎత్తయిన మూపురం, పొట్టి కొమ్ములు అని కూడా రాయాలి. చక్రాలు కొయ్యవో రబ్బరు టైర్లో అదీ చెప్పాలి. టైరు బండ్లు వచ్చి చాలాకాలమైంది. కొయ్యచక్రం అడిగితే బొమ్మ పాతకాలం వైపు మొగ్గుతుంది.

అన్నిటికంటే కష్టం మంచుతోనే. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలిలోని తేమ చిన్న చిన్న బొట్లుగా మారి చేల మీద పరుచుకుంటుంది. అందుకే అలాంటి మంచు నేలబారున ఉంటుంది. తాటిచెట్ల మొదళ్లు మసకబారి తలలు తేలినట్టు కనిపిస్తాయి. ‘మంచు’ అని ఒక్కమాట రాస్తే బొమ్మంతటికీ సమానంగా తెల్లరంగు పూసి వదిలేయవచ్చు. దగ్గరిది ముదురుగా, నడిమిది బూడిదరంగులో, దూరానిది దాదాపు కనపడకుండా ఉండాలని దూరాలవారీగా చెబితే లోతు వస్తుంది. చెట్టుకొమ్మల సందుల్లోంచి దూసుకొచ్చే వెలుగు చారలంటే ఈ సాధనాలకు మహా ఇష్టం. బయలు పొలంలో ఎండను చీల్చే కొమ్మలే లేనప్పుడు ఆ చారలెక్కడివి? ఇంకో తంటా ఏమిటంటే, ఎక్కడో చూసిన ప్రాంప్టుల్లోంచి ‘8K, ultra detailed, sharp’ అన్న మాటలు తెచ్చి తగిలించడం. ప్రతిదీ స్పష్టంగా కావాలని మనమే అడిగాక మంచు ఎలా నిలుస్తుంది?

ఇవన్నీ కలిపితే ప్రాంప్ట్ ఇలా తయారవుతుంది:

```
ఆంధ్రప్రదేశ్, కృష్ణా డెల్టా, డిసెంబరు చివరి ఉదయం. సహజమైన ఫొటో.
చదునైన వరిపొలాలు, కోత అయిపోయి పసుపు కొయ్యకాళ్లు, మధ్యలో చిన్న పచ్చని మొలకలు.
మట్టిబాట మీద రెండు తెల్లటి ఎడ్లు లాగుతున్న కొయ్యచక్రాల బండి, దానిలో గోనె బస్తాలు.
ఎడ్లకు ఎత్తయిన మూపురం, పొట్టి కొమ్ములు; మెడల మీద మూపురం ముందు ఒకే కాడి.
బండి కర్రలు రెండెడ్ల మధ్యనుంచి వెళ్లి కాడిని చేరాలి.
తోలేది పంచె కట్టి, తలకు తువ్వాలు చుట్టుకున్న రైతు.
నడుమెత్తు వరకే మంచు; దూరపు తాటిచెట్లు లేత బూడిదరంగులో.
బండికి అవతల పొద్దు అప్పుడే పైకొచ్చింది; నీడలు పలచగా.
వెనుకనుంచి కాస్త పక్కగా, మనిషి కంటి ఎత్తులో. అడ్డం బొమ్మ.
```

కొత్త సాధనాలకు ఇలా తెలుగులోనే చెప్పవచ్చు. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రకాలు మాత్రం ఇంగ్లిష్ మీద ఆధారపడినవి. పైగా అవి ఒక విడతలో 77 టోకెన్ల దాకానే చదువుతాయి. టోకెన్ అంటే మాటో, మాటలో ముక్కో. తెలుగు మాట ఒక్కటే ఎన్నో ముక్కలవుతుంది కనుక అక్కడ ఇంగ్లిష్‌లో, పొదుపుగా, ముఖ్యమైనది ముందు వచ్చేలా రాసుకోవాలి. ‘ట్రాక్టర్ వద్దు’ అన్నా ఆ మాట విని ట్రాక్టర్ గీసే అవకాశమూ ఉంది. వద్దన్నవి రాయడానికి విడిగా negative prompt అనే పెట్టె ఉంటుంది.

బొమ్మ వచ్చాక ముందు ఎడ్ల కాళ్లు లెక్కపెట్టండి. కాడి మెడల మీద ఆనిందా, గాల్లో తేలుతోందా, పలుపు రైతు చేతి దాకా వచ్చిందా, మధ్యలోనే మాయమైందా చూడండి. తప్పు కనబడితే ప్రాంప్టంతా మార్చేయకుండా ‘మిగతాదంతా ఇలాగే ఉంచి కాడిని మాత్రం రెండెడ్ల మెడల మీదికి దించు’ అని ఆ ఒక్కటే అడగాలి. ఒకేసారి నాలుగు మారిస్తే ఏ మాట ఏం చేసిందో అంతుపట్టదు. ‘ఉంచు’ అన్నా మిగతాది కొద్దిగా కదలవచ్చు కనుక, నచ్చిన బొమ్మను ముందే దాచుకోవాలి.

ఎంత అడిగినా కాడి కుదరకపోతే అసలైన బండి ఫొటో ఒకటి జతచేసి, కట్టు అలాగే ఉండాలని చెప్పడం ఒక దారి. బండిని వెనుకవైపు నుంచి చూపమనడం రెండోది. పై ప్రాంప్ట్‌లో ఆ కోణం ఎంచుకున్నది ఇందుకే: బస్తాలు కాడికి చాలావరకు అడ్డమొస్తాయి, ఎడ్ల కాళ్లలో సగం మంచులో కలిసిపోతాయి, సాధనం సాధారణంగా తప్పుచేసే చోట్లు కనబడకుండా పోతాయి.